మా బడి పెన్‌డ్రైవ్‌కు ఒక కాగితం కావాలి

విశాఖపట్నం జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారాలు.

అయ్యా,

నేను మన జిల్లాలోనే, భీమిలి దాటాక కొండల వెనకున్న ఒక ఊరి హైస్కూల్లో భౌతిక శాస్త్రం చెప్పే స్కూల్ అసిస్టెంట్‌ని. ఈ ఉత్తరం మొదట మామూలు దారిలోనే, హెడ్మాస్టర్ గారి ద్వారా పైకి పంపాను. జవాబుగా నోటిమాటలు వచ్చాయి. "వాడుకోండమ్మా, ఎవరడుగుతారు" అన్నవారున్నారు, "మనకెందుకు వచ్చిన గొడవ" అన్నవారూ ఉన్నారు. కాగితం మాత్రం రాలేదు. నాలాంటి ఇబ్బందే ఉన్న టీచర్లు జిల్లాలో ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను అడుగుతున్నది చిన్న విషయం. శాఖ తరఫున మన ఉపాధ్యాయులే చెప్పి యూట్యూబ్‌లో పెట్టిన పాఠాలను బడి పెన్‌డ్రైవ్‌లో దాచుకుని, ఇంటర్నెట్ లేకుండా క్లాసులో వేసుకునేందుకు రాతపూర్వకమైన అనుమతి కావాలి. దాంతోపాటు ఆ వీడియోల అసలు ఫైళ్లు కూడా కావాలి. ఫైళ్లు లేకుండా అనుమతి ఒక్కటే ఇస్తే ఎందుకు సరిపోదో కింద చెబుతాను.

ముందు మా క్లాసులో జరిగింది వినండి.

ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెబుతున్నాను. శబ్దం ప్రయాణించడానికి ఏదో ఒక యానకం కావాలని చూపించాలి. స్టీలు గ్లాసులో మోగే ఫోను పెట్టి, నోటితో గాలి పీల్చే ప్రయోగం చేస్తాం. పిల్లలకు సరదాగానే ఉంటుంది గానీ, నోటితో ఎంత గాలి పీల్చగలం? శబ్దం తగ్గిందని ఒకడంటాడు, తగ్గలేదని ఇంకొకడంటాడు. అసలు చూపించాల్సింది గాజు జాడీలో కరెంటు గంట మోగుతుండగా పంపుతో గాలి తీసే ప్రయోగం. గంట సుత్తి కొట్టుకుంటూనే ఉంటుంది, శబ్దం మాత్రం మెల్లమెల్లగా సన్నబడుతుంది. గాలి మళ్లీ వదిలితే శబ్దం తిరిగి పెరుగుతుంది. మా బడిలో వాక్యూమ్ పంపు లేదు. ఆ ప్రయోగం వీడియోలో ఉంది. అందుకని నా ఫోను హాట్‌స్పాట్ పెట్టి తరగతి గదిలోని ప్యానెల్‌కు కలిపాను.

పంపు ఆన్ చేశారు. గంట మోగుతోంది. శబ్దం కొంచెం తగ్గింది. సరిగ్గా అక్కడే వీడియో ఆగిపోయింది. తెర మధ్యలో గుండ్రం తిరుగుతోంది. క్లాసంతా నిశ్శబ్దం.

వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి, "గాలి తీసేస్తే బొమ్మ కూడా ఆగిపోద్దా మేడం?" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. కానీ మర్నాడు నోటు పుస్తకాలు దిద్దుతుంటే నవ్వు రాలేదు. సగం మందికి పైగా "గాలి తీయగానే శబ్దం టక్కున ఆగిపోతుంది, గంట కూడా ఆగుతుంది" అని రాశారు. వాళ్లు కళ్లతో చూసిందే రాశారు, తప్పు పట్టడానికి లేదు. ఆ ప్రయోగంలో ఉన్న విషయమంతా గంట ఆగకపోవడంలోనే ఉంది. సుత్తి కొట్టుకోవడం కంటికి కనిపిస్తూనే ఉండాలి, చెవికి మాత్రం వినిపించడం తగ్గాలి. మామూలు పంపుతో శబ్దం పూర్తిగా పోదు కూడా, జాడీలో కొంత గాలి మిగులుతుంది, గంటను పట్టుకున్న తీగల గుండా, కింది పీట గుండా కాస్త శబ్దం బయటికి వస్తూనే ఉంటుంది. ఎందుకు పూర్తిగా పోలేదన్న ప్రశ్న పిల్లల దగ్గర్నుంచే రావాలి. బఫరింగ్ వల్ల ఆ ప్రశ్న పుట్టకుండానే పోయింది.

ఆ తర్వాత నేను కొలిచి చూశాను. మా తరగతి గదిలో పగలు పదకొండు గంటలకు నెట్ వేగం సెకనుకు 0.4 మెగాబిట్లు వస్తోంది. కొండ అడ్డం, పైన స్లాబు, ఆ వేళకు ఊళ్లో అందరి ఫోన్లూ పనిలో ఉంటాయి. వరండా చివర వేపచెట్టు కింద కొంచెం నయం, కానీ ప్యానెల్‌ను చెట్టు కిందికి తీసుకెళ్లలేం కదా. బ్లాక్‌బోర్డు మీద రాతలు చదవగలిగేటట్టు 720పి నాణ్యతలో ఉన్న పాఠానికి సెకనుకు ఇంచుమించు 1.5 మెగాబిట్లు కావాలి. ఆ లెక్కన 12 నిమిషాల వీడియో 135 మెగాబైట్లు అవుతుంది. మా వేగంతో అది మొత్తం రావడానికి 45 నిమిషాలు పడుతుంది. అంటే ఒక పీరియడ్.

నెట్ నెమ్మదిగా ఉంటే వీడియో తనంతట తానే నాణ్యత తగ్గించుకుంటుంది కదా అని మీరు అడగవచ్చు. తగ్గించుకుంటుంది. 144పికి దిగితే ఆగకుండా నడుస్తుంది కూడా. అప్పుడు గొంతు బాగానే వినిపిస్తుంది, బోర్డు మీద ఒత్తులు మాత్రం కనిపించవు. "ఘర్షణ"లో ర కింద ఏముందో, సమీకరణంలో పైన రాసింది రెండో మూడో పిల్లలు ఊహించుకోవాలి. భాషా పాఠమైతే ఎలాగో సర్దుకుంటుందేమో గానీ, నా సబ్జెక్టులో ఆ తేడాకు మార్కులు పోతాయి.

అదే వీడియోను ఉదయం తగరపువలసలో మా ఇంటి దగ్గర సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో దించుకుంటే ఒక్క నిమిషం కూడా పట్టదు. ఒకసారి దించితే రెండు సెక్షన్లకూ వేయవచ్చు, సెలవు పెట్టిన పిల్లలకు మళ్లీ చూపించవచ్చు, కావలసినచోట ఆపి వెనక్కి తిప్పవచ్చు. ఇప్పుడైతే వేసిన ప్రతిసారీ నా ఫోనులో ఉన్న రోజుకు 1.5 జీబీ ప్యాక్‌లోంచే పోవాలి. ధ్వని పాఠానికి ఐదు వీడియోలున్నాయి, మొత్తం గంట నిడివి, దాదాపు 675 ఎంబీ. రెండు సెక్షన్లకు ఒకే రోజు వేస్తే ఆ రోజు ప్యాక్ దాదాపు అయిపోయినట్టే.

ఇప్పుడు అనుమతి విషయానికి వస్తాను.

కిందటేడు ఈ బాధ పడలేక కొన్ని పాఠాలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేశాను. తనిఖీకి వచ్చిన ఒక అధికారి అది చూసి, "ఇది ఎవరు ఎక్కించమన్నారు? కాపీరైట్ ఉంటుంది, వైరస్ వస్తుంది, రేపు ప్యానెల్ పాడైతే ఎవరు కడతారు?" అని అడిగారు. నిజం చెప్పాలంటే ఆయన అడిగినవి తప్పు ప్రశ్నలు కావు. నా దగ్గర జవాబు లేకపోయింది, అంతే. పిల్లల ముందు పెన్‌డ్రైవ్ తీసి జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు కూర్చుని చదివాను.

మన కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్‌లో, పాఠం చెప్పే క్రమంలో ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఒక రచనను కాపీ చేసుకోవడం ఉల్లంఘన కాదని ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని జిరాక్సు షాపు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగానే చదివింది. దీన్నిబట్టి చట్టం మా వైపే ఉందని నాకు ధైర్యం వచ్చింది. కానీ ఆ కేసు పుస్తకాల పేజీల జిరాక్సు గురించి. యూట్యూబ్‌కు తన సొంత నిబంధనలు వేరే ఉన్నాయి. వాళ్లు డౌన్‌లోడ్ బటన్ ఇచ్చినచోట తప్ప, వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా, హక్కుదారు ఉన్నచోట హక్కుదారు అనుమతి కూడా లేకుండా వీడియో దించుకోకూడదు. అంటే మీరు అనుమతి కాగితం ఇచ్చినా సరే, నేను ఏదో డౌన్‌లోడ్ సైటుకు వెళ్లి లింకు పేస్టు చేసి వీడియో లాగడం ఆ నిబంధనలకు విరుద్ధమే. పైగా ఆ సైట్లు నాకు భయం. వీడియో కోసం నొక్కితే ఇంకేదో ఇన్‌స్టాల్ అవుతుంది. మా కొలీగ్ ఒకాయన ల్యాప్‌టాప్‌లో అలాగే జరిగింది.

యూట్యూబ్ యాప్‌లోని డౌన్‌లోడ్ బటన్ వాడవచ్చు కదా అంటారా, అలా దించింది ఆ ఫోనులో, ఆ యాప్ లోపలే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోకి రాదు, కొంతకాలానికోసారి మళ్లీ నెట్‌కు కలపకపోతే తెరుచుకోదు. ఫోనును ప్యానెల్‌కు కాస్ట్ చేసి చూపించాను కూడా. పాఠం మధ్యలో మా అమ్మ ఫోన్ చేసింది. ప్యానెల్ నిండా "అమ్మ" అని పెద్ద అక్షరాలు. పిల్లలు ఎత్తమన్నారు.

దీక్ష యాప్ కాస్త నయం. అందులో పాఠాన్ని దించుకుని నెట్ లేకుండా చూసే వీలు యాప్‌లోనే ఉంది, ఫైలుగా వేరే ఫోనుకు పంపుకోవచ్చు కూడా. అయితే ఆ ఫైలు `.ecar` అనే రకం, దీక్ష యాప్‌లోనే తెరుచుకుంటుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ప్యానెల్‌కు గుచ్చితే వీడియోగా ప్లే అవదు. పైగా అన్ని పాఠాలకూ తెలుగు వీడియో అక్కడ దొరకదు.

తిరిగి తిరిగి నేను వచ్చిన చోటు ఇది. వీడియో చేసినవాళ్ల దగ్గర అసలు ఫైలు ఉంటుంది. అది ఇస్తే యూట్యూబ్ నిబంధన అన్న మాటే రాదు, ఎందుకంటే మేం యూట్యూబ్ నుంచి తీసుకోవడం లేదు. రికార్డింగ్ చేసిన కంప్యూటర్లో ఫైలు పోయి ఉంటే, ఛానెల్ నడిపేవారు యూట్యూబ్ స్టూడియోలోకి లాగిన్ అయి తమ సొంత వీడియోను ఎంపీ4గా తామే దించుకోవచ్చు. వీడియో పేరు పక్కన మూడు చుక్కలు నొక్కితే `Download` అని వస్తుంది. 720పి లేదా 360పిలో ఇస్తుంది, మాకు 720పి ధారాళంగా సరిపోతుంది. ఛానెల్ యజమానికి ఆ వీలు యూట్యూబే ఇచ్చింది.

హక్కు ఎవరిదన్న సందేహం కూడా పెద్దగా లేదు. ప్రభుత్వ ఆధ్వర్యంలో తయారైన రచనకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, ప్రభుత్వమే మొదటి హక్కుదారు అని అదే చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. హక్కుదారు గానీ, ఆయన అధికారం ఇచ్చిన ప్రతినిధి గానీ రాతపూర్వకంగా లైసెన్సు ఇవ్వవచ్చని 30వ సెక్షన్‌లో ఉంది. నోటిమాట నాకు సరిపోకపోవడానికి కారణం ఇదే. మన జిల్లాలో తయారు చేసిన వీడియోలకు మీ స్థాయిలో ఉత్తర్వు ఇవ్వగలరనుకుంటున్నాను. రాష్ట్ర స్థాయిలో, ఎస్‌సీఈఆర్‌టీ ద్వారా తయారైనవాటికి మీ సంతకం ఒక్కటే చాలకపోవచ్చు. వాటి విషయంలో ఈ విజ్ఞప్తిని మీ సిఫార్సుతో పైకి పంపమని కోరుతున్నాను. ఆ జవాబు వచ్చేదాకా జిల్లా వీడియోల ఉత్తర్వు మాత్రం ఆపవద్దు.

ప్రైవేటు ఛానెళ్ల వీడియోలు నేను అడగడం లేదు. వాటిలో మంచివి ఉన్నాయి, కానీ ఇవ్వడానికి అవి మీవి కావు. శాఖ వీడియోల్లోనే సినిమా పాట గానీ, వేరేవాళ్ల క్లిప్పు గానీ కలిసి ఉంటే వాటిని కూడా జాబితాలోంచి తీసేయండి. అలాంటివి కొన్ని ఉన్నాయని చూసినవారికి తెలుసు.

వైరస్ గురించి ఆ అధికారి అడిగినదానికి కూడా ఆలస్యంగానైనా జవాబు చెబుతాను. మా ప్యానెల్ ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది. విండోస్ కంప్యూటర్ల కోసం రాసిన వైరస్ దానిలో పనిచేయదు గానీ, పెన్‌డ్రైవ్ దాన్ని మోసుకుని ఆఫీసు కంప్యూటర్‌కు చేర్చగలదు. జిరాక్సు షాపులో ఒకసారి గుచ్చి తెస్తే చాలు, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోవడం మనలో చాలామందికి అనుభవమే. కాబట్టి ఒక పెన్‌డ్రైవ్‌ను బడి పేరుతో స్టాక్ రిజిస్టర్లో ఎక్కించి, మండల రిసోర్స్ సెంటర్ కంప్యూటర్‌కూ బడి ప్యానెల్‌కూ తప్ప మరెక్కడా గుచ్చకూడదని నియమం పెడితే సరిపోతుంది. అందులో వీడియోలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. హాజరు పట్టికలు, ప్రశ్నపత్రాలు, పుట్టినరోజు ఫోటోలు దానిలోకి చేరాయంటే అది మళ్లీ ఊరు తిరగడం మొదలుపెడుతుంది.

ఎంత పెద్దది కావాలో లెక్క వేశాను. ఒక పాఠానికి సుమారు 0.7 జీబీ చొప్పున, ఒక తరగతికి పది పాఠాలనుకుంటే 7 జీబీ. నేను చెప్పే మూడు తరగతులకు 21 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. కాపీ కావడానికి మామూలు పెన్‌డ్రైవ్‌కు అరగంట పైనే పడుతుంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ఎలాగూ అందరం వస్తాం, ఆ రోజు పొద్దున పెట్టి సాయంత్రం తీసుకోవచ్చు. ప్రత్యేకంగా ఎవరినీ పంపక్కర్లేదు.

కాపీ చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు అనుభవం మీద చెబుతున్నాను. వీడియోలు ఎంపీ4 ఫైళ్లుగా, `H.264` పద్ధతిలో ఉండాలి. వేరే రకమైతే మా ప్యానెల్‌లో శబ్దం వచ్చి బొమ్మ రాకపోవడం, లేదా అసలు ఫైలే కనిపించకపోవడం జరిగింది. ఫైలు పేర్లు తెలుగులో పెడితే కొన్ని టీవీల్లో వరుసగా డబ్బాలు కనిపిస్తాయి, ఏది ఏ పాఠమో తెలియదు. తరగతి, సబ్జెక్టు, పాఠం, భాగం వచ్చేలా `08_PS_05_02.mp4` అని పెట్టి, ఆ అంకెలకు అర్థం చెప్పే తెలుగు జాబితాను ఒక కాగితం మీద అచ్చు వేసి ఇస్తే బీరువా తలుపుకు అంటించుకుంటాం. కాపీ మధ్యలో కరెంటు పోతే ఫైలు పేరు కనిపిస్తుంది గానీ చివరి భాగం ఉండదు. అందుకని ప్రతి ఫైలు సైజు అసలుదానితో సరిచూసి, చివరి నిమిషం ఒకసారి ప్లే చేసి చూడాలి. ఇది చేయకపోతే తప్పు క్లాసులో బయటపడుతుంది, నలభై మంది ముందు.

దాచుకున్న కాపీతో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని నేనే చెప్పడం న్యాయం. యూట్యూబ్‌లో తప్పు దొరికితే ఆ వీడియో తీసేసి కొత్తది పెడతారు, పెన్‌డ్రైవ్‌లో మాత్రం పాత తప్పు అలాగే ఉండిపోతుంది. సిలబస్ మారినా అంతే. దీనికి జాబితా మీద తేదీ వేసి, జూన్‌లో బడి తెరిచినప్పుడు ఒకసారి, సంక్రాంతి సెలవుల తర్వాత ఒకసారి పాతవి చెరిపి కొత్తవి ఎక్కించుకోవాలి. మధ్యలో ఏదైనా వీడియోలో తప్పుందని తెలిస్తే మండల వాట్సాప్ గ్రూపులో దాని నంబరు పెడితే చాలు, ఆ ఒక్కటీ చెరిపేస్తాం. నంబరు పెట్టడానికి మా సిగ్నల్ సరిపోతుంది.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు రాష్ట్రమంతా ట్యాబులిచ్చినప్పుడు పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. ఊళ్లలో నెట్ అందదని ప్రభుత్వానికి అప్పుడే తెలుసు. ఇక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ జిల్లాలో ఉన్నవాళ్లకు టవర్లు పడిపోతే ఎన్నాళ్లు ఎలా ఉంటుందో నేను వేరే చెప్పనక్కర్లేదు. కరెంటు తొందరగా వచ్చి సిగ్నల్ రాని రోజులు మాకు ప్రతి తుపాను సీజన్లోనూ ఉంటాయి.

మీ కార్యాలయంలో పని తేలిక అవుతుందని ఉత్తర్వు నమూనా కూడా రాసి పెడుతున్నాను. మాటలు మార్చుకోండి, విషయం ఉంటే చాలు:

"జాబితాలో చూపిన, శాఖకు హక్కులున్న పాఠ్య వీడియోలను జిల్లాలోని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మండల పరిషత్ పాఠశాలలు మండల రిసోర్స్ సెంటర్ నుంచి కాపీ చేసుకుని, పాఠశాల పెన్‌డ్రైవ్‌లో భద్రపరచి, తరగతి బోధనకు ఇంటర్నెట్ లేకుండా వాడుకోవడానికి అనుమతించడమైనది. వీటిని తిరిగి ఇంటర్నెట్‌లో పెట్టరాదు, అమ్మరాదు, కత్తిరించి మార్చరాదు. పెన్‌డ్రైవ్‌ను స్టాక్ రిజిస్టర్లో నమోదు చేయాలి. జాబితా నుంచి తొలగించిన వీడియోను వెంటనే చెరిపివేయాలి. ఈ షరతులు పాటించిన ఉపాధ్యాయుని ప్రశ్నించనవసరం లేదు."

ఆఖరి వాక్యం మామూలుగా ఉత్తర్వుల్లో ఉండదని నాకు తెలుసు. కావాలంటే తీసేయండి. కానీ అది ఉంటే నాలాంటివాళ్లకు తనిఖీ రోజున టెన్షన్ సగం తగ్గుతుంది.

జిల్లా అంతటికీ ఒకేసారి కష్టమనిపిస్తే మా ఒక్క కాంప్లెక్స్‌తో మొదలుపెట్టండి. ఎనిమిదో తరగతి భౌతిక శాస్త్రం వీడియోలు వరుసగా చూసి, ఏ పాఠానికి ఏ భాగమో జాబితా తయారు చేసే పని నేను తీసుకుంటాను. ధ్వని పాఠానికి ఇప్పటికే చేశాను, ఈ ఉత్తరంతో జత చేసి మీ కార్యాలయానికి పంపుతున్నాను. ఆ వెనక బెంచీ అబ్బాయి ఇప్పుడు తొమ్మిదికి వచ్చాడు. తొమ్మిదిలో కూడా ధ్వని ఉంది. ఈసారి గంట ఆగకుండా మోగితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక స్కూల్ అసిస్టెంట్ (భౌతిక శాస్త్రం),
విశాఖపట్నం జిల్లా